చేతికి స్పర్శ ఉంది, కాలిన సంగతి మాత్రం తెలియదు

ప్రశ్న: మా ఆయన క్యాటరింగ్‌లో వంటమాస్టరు. వయసు 36. ఆర్నెల్లుగా ఎడమ చేతి మీద బొబ్బలు కనిపిస్తున్నాయి, ఎప్పుడు కాలిందో ఆయనకే తెలీదు. మొన్న మూకుడు అంచుకి చెయ్యి ఆనించి గరిటె తిప్పుతున్నారు. కమురు వాసన వస్తే నేనే చెయ్యి లాగాను. కానీ ఆ చేతి మీద దారప్పోగు పడినా తెలుస్తుంది. కళ్ళు మూసుకుని నాణెం పట్టుకుని రూపాయో ఐదో చెప్పేస్తారు. దగ్గితే మెడ వెనక పోటు. ఎమ్మారైలో వెన్నుపాములో సి4 నుంచి టి2 దాకా నీటి తిత్తి ఉందన్నారు, వెడల్పు 7 మిల్లీమీటర్లు. కియారీ కూడా ఉందట. ఆపరేషన్ చెయ్యాలన్నారు. బంధువులు కుష్టేమో అంటున్నారు. స్పర్శ ఉన్న చేతికి వేడి ఎందుకు తెలీదు? ఆపరేషన్ చేస్తే మళ్ళీ తెలుస్తుందా? (తణుకు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు:

అమ్మా, చేతి నుంచి మెదడుకు వెళ్ళే కబుర్లన్నీ ఒకే దారిన పోవు. నొప్పి, వేడి, చల్లదనం ఒక దారిన వెళ్తాయి. స్పర్శ, అదురు, వేలు ఏ వైపు వంగి ఉందన్న తెలివి ఇంకో దారిన వెళ్తాయి. వెన్నుపాములోకి వచ్చేదాకా ఇవి ఒకే నరంలో కలిసే వస్తాయి, లోపలికి అడుగు పెట్టగానే విడిపోతాయి. మీవారి తిత్తి ఆ రెండు దారుల్లో ఒకదాని మీదే కూర్చుంది.

ఎడమ చిటికెన వేలు మూకుడుకి తగిలిందనుకోండి. వేడి కబురు సన్నని నరపు పోగుల్లో చెయ్యంతా ఎక్కి, సి8 అనే నరం గుండా వెన్నుపాములోకి ఎడమ వైపు వెనక నుంచి ప్రవేశిస్తుంది. అక్కడ ఒకటి రెండు మెట్లు పైకి పాకి, వెన్నుపాము లోపలి బూడిద రంగు భాగంలో వెనక కొమ్ము దగ్గర ఆగుతుంది. ఆ పోగు పని అంతటితో సరి. అక్కణ్ణించి కబురు ఇంకో నాడీకణం చేతికి మారుతుంది. ఈ రెండో కణం పోగు తిన్నగా పైకి పోదు. ముందు అడ్డంగా వెన్నుపాము నడిమధ్యకు వచ్చి, కుడి వైపుకు దాటుతుంది. ఆ తరవాతే కుడి పక్కన, కాస్త ముందువైపు అంచు పట్టుకుని మెదడుకు ఎక్కుతుంది. ఈ దాటే చోటు వెన్నుపాము మధ్యలో ఉన్న సన్నని కాలువకు సరిగ్గా ముందు ఉంటుంది. కుడి చేతి నుంచి ఎడమ వైపుకు దాటే పోగులకూ అదే చోటు.

స్పర్శ సంగతి వేరు. లోపలికి రాగానే అది వెన్నుపాము వెనక భాగంలో ఉన్న నిలువు కట్టల్లో చేరి, ఏ వైపు వచ్చిందో ఆ వైపే పైకి పోతుంది. దాటడం మెదడు అడుగు భాగానికి చేరాకే. మెడలో ఎక్కడా అది మధ్యకు రాదు. నాణెం గుర్తుపట్టడం, కళ్ళు మూసుకుని చొక్కా గుండీ వెతుక్కోవడం ఈ కట్టల చలవే.

తిత్తి మొదలయ్యేది వెన్నుపాము నడుమ. అక్కణ్ణించి ఉబ్బుతూ ముందున్న అడ్డదారిని సాగదీసి, నలిపి, చివరికి తెంపుతుంది. వెనక కట్టలు మొదట్లో చెక్కుచెదరవు. అందుకే నొప్పీ వేడీ పోయి స్పర్శ మిగులుతుంది. నాడీవైద్యులు కేస్‌షీటులో 'విడదీసిన స్పర్శలోపం' అనే అర్థంలో రాసే మాట ఇదే. ఈ జబ్బు పేరు సిరింగోమైలియా, తిత్తిని సిరింక్స్ అంటారు. 1827లో ఒలివియే అనే ఫ్రెంచి వైద్యుడు పెట్టిన పేరది.

కాళ్ళ కబుర్లు కూడా మెడలోంచే పోవాలి కదా, మరి వాటికి ఏమీ కాలేదేం అని మీరు అడగొచ్చు. కాళ్ళ నుంచి వచ్చే నొప్పి, వేడి పోగులు నడుము దగ్గరే అవతలి వైపుకు దాటేశాయి. మెడకు వచ్చేసరికి అవి వెన్నుపాము అంచున, అందులోనూ బయటి వరసలో నడుస్తుంటాయి. మధ్యలో ఉన్న తిత్తికి అవి ఇంకా దూరం. కాబట్టి తిత్తి ఏ మెట్ల మధ్య ఉందో ఆ మెట్లలో దాటాల్సిన పోగులే పోతాయి. ముఖానికి బాగుంటుంది, కాళ్ళకు బాగుంటుంది, మధ్యలో భుజాలు, చేతులు, ఛాతీ పైభాగం మాత్రం మొద్దుబారతాయి. భుజాల చుట్టూ శాలువా కప్పితే ఎంత మేర కప్పుతుందో అంత మేర.

మీ రిపోర్టులోని అంకెల్ని ఒంటి మీద ఇలా చదువుకోండి. సి4 భుజం పైభాగం. సి5 పై చేయి బయటివైపు. సి6 బొటనవేలు, సి7 మధ్యవేలు, సి8 చిటికెన వేలు. టి1 ముంజేయి లోపలివైపు, టి2 చంక దగ్గర. అంటే తిత్తి రెండు చేతుల మెట్లనూ పూర్తిగా ఆక్రమించి ఉంది. కుడి చెయ్యి ఇంకా బాగానే ఉందని ధీమాగా ఉండొద్దు. తిత్తి గుండ్రంగా సమానంగా పెరగదు, ఒక పక్కకు ఒరిగి పెరుగుతుంది, అందుకని ఒక చెయ్యి ముందు, రెండోది తరవాత పోవడం మామూలే. ఇక 7 మిల్లీమీటర్లంటే చిన్న సంగతి కాదు. మామూలు మనిషికి మెడ దగ్గర వెన్నుపాము అడ్డంగా సుమారు 13 మిల్లీమీటర్లు, ముందు నుంచి వెనక్కి ఇంకా తక్కువ. ఎమ్మారైలో అనుకోకుండా కనబడే ఒకటి రెండు మిల్లీమీటర్ల కాలువలు చాలావరకు పుట్టుకతో మిగిలినవే. వాటికి ఆపరేషన్ అక్కర్లేదు, కొన్నాళ్ళకోసారి మళ్ళీ ఎమ్మారై తీసి చూస్తే చాలు. మీది ఆ జాతి కాదు.

ఇంతకీ వెన్నుపాములోకి నీళ్ళు ఎలా వచ్చాయి? మూలం మెడలో కాదు, పుర్రె అడుగున ఉంది. మెదడు, వెన్నుపాము చుట్టూ ఎప్పుడూ నీరు ఉంటుంది, ఏ సమయంలో చూసినా 150 మిల్లీలీటర్ల దాకా. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మెదడులోకి రక్తం ఎగదన్నుతుంది, ఆ చోటు కోసం కొంత నీరు పుర్రె అడుగు రంధ్రం గుండా మెడలోకి జారి మళ్ళీ వెనక్కి వస్తుంది. కియారీ ఒకటో రకంలో చిన్న మెదడు కింది కొసలు, టాన్సిల్స్ అంటారు (గొంతులోవి కావు), ఆ రంధ్రం దాటి 5 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో కిందికి దిగి ఉంటాయి. దారి ఇరుకవుతుంది. గుండె కొట్టినప్పుడల్లా ఆ కొసలు సైకిల్ పంపులో ముషలకంలా కిందికి తోసుకొస్తాయి. కింద చిక్కుకున్న నీటి మీద ఒత్తిడి పడి, రక్తనాళాల చుట్టూ ఉండే సన్నని సందుల్లోంచి అది వెన్నుపాములోకి ఇంకుతుంది. ఈ వివరణను 1994లో అమెరికా నాడీశస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ ఓల్డ్‌ఫీల్డ్ బృందం ప్రచురించింది. అంతకుముందు నీరు మెదడు లోపలి గదుల్లోంచి మధ్య కాలువలోకి దిగుతుందనుకునేవారు. ఈ విషయంలో వాదాలు పూర్తిగా ఆగలేదు, కానీ రంధ్రం దగ్గర ఇరుకు తీసేస్తే తిత్తి తనంతట తాను చిక్కుతుందన్నది ఆపరేషన్ గదిలో నిలిచిన మాట. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, ముక్కినప్పుడు మెడ వెనక వచ్చే పోటూ ఈ ఇరుకు వల్లే.

కియారీ లేకుండా తిత్తి కనిపిస్తే వేరే కారణం వెతకాలి. పాత వెన్నుదెబ్బ, క్షయ మెనింజైటిస్ తరవాత పొరలు అతుక్కుపోవడం, వెన్నుపాములో గడ్డ ఇలాంటివి. గడ్డ లేదని తేల్చడానికి ఒకసారైనా కాంట్రాస్ట్ ఇచ్చి ఎమ్మారై తియ్యడం మంచిది. మీవారికి తీసింది మామూలు ఎమ్మారై అయితే సర్జన్‌ను ఈ ముక్క అడగండి. పుర్రె అడుగు భాగంతో పాటు వెన్ను మొత్తం తీశారో లేదో కూడా చూడండి. తిత్తి కింది కొస ఎక్కడ ఆగిందో తెలియాలి.

కుష్టు మాట. బంధువుల అనుమానాన్ని కొట్టిపారెయ్యకండి, అది తెలివైన అనుమానమే. మన దగ్గర చేతికి కాలినా తెలియట్లేదంటే డాక్టర్లు కూడా మొదట చూసేది దాన్నే. పైగా కుష్టులోనూ సన్నని పోగులు ముందు పోతాయి కాబట్టి స్పర్శ కన్నా ముందు వేడి తెలియకుండా పోవచ్చు. అందుకని 'స్పర్శ ఉంది కాబట్టి కుష్టు కాదు' అన్న వాదన నిలవదు. తేడా తెలిసేది మరో చోట. కుష్టులో స్పర్శ పోయే చోటు ఒక మచ్చ మేరకో ఒక నరం మేరకో ఉంటుంది, మోచేతి వెనక నరం తాడులా లావెక్కి తడిమితే తగులుతుంది, అక్కడ చెమట పట్టదు, అయినా మోచేయి దగ్గర సుత్తితో కొడితే చెయ్యి ఎగురుతుంది. సిరింక్స్‌లో మచ్చ ఉండదు, నరం లావెక్కదు, మొద్దుబారిన మేర భుజం మీదుగా ఛాతీ మీదికి పాకుతుంది, చేతుల్లో ఆ ఎగరడం తగ్గిపోతుంది. ఈ తేడాలు పట్టడానికి డాక్టర్‌కి పది నిమిషాల పని. మీవారి విషయంలో ఎమ్మారైలో తిత్తి, కియారీ, దగ్గితే పోటు మూడూ ఒకే కథ చెబుతున్నాయి. షుగరు వల్ల వచ్చే తిమ్మిరి అయితే పాదాల నుంచి మొదలవుతుంది, చేతుల నుంచి కాదు.

మొద్దుబారిన మేర ఎంతో మీరే ఇంట్లో గీసిపెట్టుకోవచ్చు. రెండు స్టీలు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో ఫ్రిజ్ నీళ్ళు, రెండోదానిలో మీ మోచేతికి హాయిగా ఉండేంత గోరువెచ్చని నీళ్ళు. మరిగే నీళ్ళు వద్దు, ఆయనకు కాలితే ఇద్దరికీ తెలియదు. ఆయన కళ్ళు మూసుకోవాలి. ముందు బుగ్గకి ఆనించి, చల్లగా ఉందా వెచ్చగా ఉందా అని అడగండి. అక్కడ సరిగ్గా చెబితే చేతి మీదికి రండి. ప్రతి చోటా రెండు మూడు సెకన్లు ఆనించాలి, వరస మార్చి మార్చి అడగాలి. తెలియని చోటు నుంచి తెలిసే చోటుకి జరుపుతూ, మారిన గీత దగ్గర పెన్నుతో చుక్క పెట్టండి. దూదితో స్పర్శ విడిగా చూడండి. నొప్పికి గుండుసూది వాడకండి, టూత్‌పిక్ చాలు. చివరికి చేతుల ఫొటో తీసి తేదీ రాయండి. మూడు నెలలకోసారి ఇలా చేస్తే గీత పాకుతోందో లేదో సర్జన్‌కి చూపించడానికి ఉంటుంది. ప్రతి వారం చేస్తే అనవసరపు కంగారు తప్ప లాభం లేదు.

ఆపరేషన్ గురించి. తిత్తికి చిల్లు పెట్టి నీళ్ళు తీసేస్తారనుకుంటారు చాలామంది. మొదటి ఆపరేషన్‌లో సాధారణంగా తిత్తి జోలికే పోరు. పుర్రె వెనక అడుగున సుమారు మూడు సెంటీమీటర్ల మేర ఎముక, మొదటి మెడపూస వెనక కమాను తీసి, చాలాసార్లు మెదడు మీది గట్టి పొరను కూడా తెరిచి, అతుకు వేసి వెడల్పు చేస్తారు. నీటి దారి తెరుచుకుంటే పంపు ఆగుతుంది. తిత్తి చిక్కడం నెలల పని. మూడు నుంచి ఆరు నెలలకు తీసిన ఎమ్మారైలో సన్నబడిందో లేదో చూస్తారు. అప్పటికీ చిక్కకపోతేనే తిత్తి నుంచి బయటికి సన్నని గొట్టం వెయ్యడం గురించి ఆలోచిస్తారు. ఆపరేషన్ అయ్యాక మెడ వెనక కుట్ల దగ్గర మెత్తగా ఉబ్బినా, తేటనీరు కారినా, జ్వరంతో తలనొప్పి వచ్చినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పోవాలి. లోపలి నీరు బయటికి వస్తోందనో, ఇన్ఫెక్షన్ చేరిందనో అర్థం.

వేడి మళ్ళీ తెలుస్తుందా అన్న ప్రశ్నకు నిజం చెప్పాలి. దగ్గితే వచ్చే పోటు బాగా తగ్గుతుంది. నీరసించిన కండరాలు కొంత కోలుకోవచ్చు. సాగి నలిగిన పోగులు కొన్ని తేరుకోవచ్చు, కానీ తెగిన పోగులు వెన్నుపాములో మళ్ళీ మొలవవు. నొప్పి, వేడి తెలివి చాలామందికి ఉన్నచోటే ఆగిపోతుంది. ఆపరేషన్ ముఖ్యంగా ఇక ముందుకు పోకుండా ఆపడానికి. వాయిదా వేస్తే పోయేది వేడి తెలివి ఒక్కటే కాదు. తిత్తి ముందుకు పెరిగితే చేతి కండరాల్ని నడిపే కణాలు పోతాయి, పక్కకు పెరిగితే కాళ్ళకు పోయే ఆజ్ఞల దారి నలుగుతుంది. ఇంకో తిరకాసు ఏమిటంటే, వేడి తెలియని ఆ చేతిలోనే కొందరికి మంటగా సలుపు పుడుతుంది. అది చర్మంలో పుట్టే నొప్పి కాదు, దెబ్బతిన్న వెన్నుపాము పంపే తప్పుడు కబురు. మామూలు నొప్పి మాత్రలు దానికి అంతగా పనిచెయ్యవు, ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ లాంటివి డాక్టర్ రాస్తారు.

కాబట్టి పొయ్యి దగ్గర జాగ్రత్త జీవితాంతపు పని. పొయ్యి మీంచి దించడానికి గుడ్డ వద్దు, పట్టకారో మందపాటి చేతితొడుగో వాడాలి. తొడుగు తడిస్తే తీసెయ్యాలి, తడి బట్ట వేడిని ఇట్టే లోపలికి లాగుతుంది. గరిటెలు పొడుగు కాడవి కావాలి. మూకుడు వేడి చూడాలంటే బాగున్న చేతి వేలు కూడా కాదు, నీటి చుక్క వేసి చూడాలి. స్నానానికి చన్నీళ్ళు ముందు పోసి వేణ్ణీళ్ళు తరవాత కలపాలి, కలిపాక మీరో, లేదా ఆయన తన పాదంతోనో చూడాలి. గీజరు 60 డిగ్రీల దగ్గర ఉంటే ఆ నీళ్ళు కొన్ని సెకన్లలోనే లోతుగా కాల్చేస్తాయి, దాన్ని 50 కిందికి దించండి. వేడినీళ్ళ సంచితో కాపడం ఆ చేతులకు, భుజాలకు వద్దే వద్దు. బీడీ, సిగరెట్ అలవాటు ఉంటే వేళ్ళ మధ్య కాలడం ఈ జబ్బులో ఎప్పటినుంచో తెలిసిన గుర్తు.

రోజూ రాత్రి వెలుతురులో రెండు చేతులూ, వేళ్ళ సందులతో సహా మీరు చూడండి. కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద పెట్టాలి, పేస్టు, సిరా పుయ్యకూడదు, బొబ్బ చిదమకూడదు. నొప్పి లేదు కదా అని చిన్నదనుకోవడమే ఇక్కడ ప్రమాదం. మామూలు మనిషికి కాలిన లోతును నొప్పే చెబుతుంది, ఈయనకు కళ్ళే చెప్పాలి. తెల్లగానో తోలులానో మారితే లోతుగా కాలినట్టే, ఆ రోజే చూపించండి. భుజం నొప్పి లేకుండా వాచినా, తిప్పితే గరగరలాడినా ఎక్స్‌రే తీయించాలి. నొప్పి తెలియని కీలు తన బరువుకి తానే అరిగిపోతుంది, ఈ జబ్బులో ఎక్కువగా దెబ్బతినేది భుజం కీలే.

ఆపరేషన్ అయ్యేదాకా బరువైన డేగిసాలు ఎత్తకూడదు, మలబద్ధకం రానివ్వకూడదు. ముక్కిన ప్రతిసారీ లోపలి ఒత్తిడి పెరుగుతుంది. సెలూన్‌లో మసాజ్ చేసి మెడ పటుక్కుమనిపించడం మానెయ్యాలి. హెర్నియాకో, విరిగిన కాలికో వెన్నులో మత్తు సూది వేస్తామంటే కియారీ ఉందని ముందే మత్తు డాక్టర్‌కి చెప్పి ఎమ్మారై చూపించండి. నడుము దగ్గర నీరు కారితే చిన్న మెదడు కొసలు ఇంకా కిందికి జారే ప్రమాదం ఉంది.

ఇచ్చిన తేదీకి ముందే సర్జన్ దగ్గరికి పరిగెత్తాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంటపడటం, గుండీ పెట్టుకోలేకపోవడం, కాళ్ళు బిగుసుకుని చెప్పు జారడం, మూత్రం ఆగడం లేదా ఆపుకోలేకపోవడం. మింగుతుంటే పొరపోవడం, గొంతు బొంగురుపోవడం, ముఖం మొద్దుబారడం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం కనిపిస్తే తిత్తి మెడ దాటి మెదడు అడుగుకి ఎక్కుతోందేమో, లేదా కియారీ కొసలే అక్కడ నొక్కుతున్నాయేమో. ఈ నాలుగింటిలో ఏది వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా, నాడీశస్త్రవైద్యుడున్న ఆసుపత్రికి అప్పుడే తీసుకెళ్ళండి.